కోటికి సరిపోని కామా

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8,45,80,777. ఈ అంకెను ఎక్సెల్‌లో వేసి కామాలు పెట్టమంటే చాలా కంప్యూటర్లలో 84,580,777 అని వస్తుంది. విలువ మారలేదు, కామాలే జరిగాయి. కానీ ఎనిమిదిన్నర కోట్లని ఒక్క చూపులో చదివే కన్ను ఇక్కడ తడబడి, కుడి నుంచి ఒకట్లు, పదులు, వందలు అని లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది.

కారణం చిన్నదే. పాశ్చాత్య పద్ధతిలో ప్రతి మూడంకెలకూ ఒక కామా. మన పద్ధతిలో మొదటి మూడంకెల తర్వాత రెండేసి చొప్పున కామాలు పడతాయి. అందుకే లక్షకు అయిదు సున్నాలు, కోటికి ఏడు. అయిదు గానీ ఏడు గానీ మూడుతో భాగించబడవు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ఎక్సెల్ ఫార్మాట్‌లో చివర పెట్టే ఒక్కో కామా మూడేసి అంకెలను దాచేస్తుంది. `0.00,` అంటే వేలు, `0.00,,` అంటే మిలియన్లు. ఎన్ని కామాలు పెట్టినా కోటి మాత్రం రాదు. రెండు కామాల ఫార్మాట్ వేస్తే పై జనాభా 84.58గా కనిపిస్తుంది. దాని పక్కన అలవాటుగా ‘కోట్లలో’ అని రాసేస్తే తప్పు పదింతలవుతుంది. ఆ ఏడాది దేశ జనాభాయే 121 కోట్లు. అంటే దేశంలో ప్రతి పదిమందిలో దాదాపు ఏడుగురు ఒక్క రాష్ట్రంలోనే ఉన్నారని ఆ గ్రాఫ్ చెప్పినట్టు! ఇలా తెలిసిన మొత్తంతో పోల్చి చూస్తే పొరపాటు వెంటనే బయటపడుతుంది.

గడుల్లో కామాలు మన పద్ధతిలో పడాలంటే చాలామంది వాడే ఫార్మాట్ ఇది:

```
[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0
```

కోటి దాటితే మొదటి భాగం, లక్ష దాటితే రెండోది, మిగతా వాటికి మూడోది పనిచేస్తాయి. లోపం కూడా ఆ ‘మిగతా’లోనే ఉంది. నష్టాల పట్టికలో మైనస్ యాభై లక్షలు ఉంటే, అది లక్షకన్నా తక్కువే కాబట్టి మూడో భాగంలోకి జారి -5,000,000 అని వస్తుంది. లాభాల వరుసలో ఒకరకం, నష్టాల వరుసలో మరోరకం కామాలు కనిపిస్తే కారణం ఇదేనని గుర్తించవచ్చు.

గ్రాఫ్ విషయానికొస్తే పని ఇంకా సులువు. ఉత్తరప్రదేశ్ 19,98,12,341, మహారాష్ట్ర 11,23,74,333, బిహార్ 10,40,99,452, పశ్చిమ బెంగాల్ 9,12,76,115, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 8,45,80,777. ఈ అయిదింటికీ నిలువు పట్టీల గ్రాఫ్ గీయాలనుకుందాం. అంకెలను ముందే భాగించకుండా పూర్తిగా ఉంచాలి. గ్రాఫ్ నిలువు అక్షం మీద రెండుసార్లు నొక్కి, Axis Options కింద Display units తెరిస్తే Millions తోపాటు 100000, 10000000 కూడా ఉంటాయి. కోట్లకు చివరిది ఎంచుకోవాలి. అక్షం మీద 0, 5, 10 లాంటి చిన్న అంకెలు శుభ్రంగా వస్తాయి. పక్కన x 10000000 అనే చీటీ కూడా పడుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే పాఠకుడు మళ్లీ సున్నాలు లెక్కపెట్టాల్సిందే. దాన్ని తీసేసి, అక్షం శీర్షికలో ‘జనాభా (కోట్లలో)’ అని రాస్తే చాలు.

పట్టికలో అంకెలను కోటితో భాగించేసి, మళ్లీ అక్షంలోనూ కోటి ఎంచుకునేవారున్నారు. అప్పుడు రెండుసార్లు భాగించినట్టయి అక్షం పొడవునా సున్నాలే కనిపిస్తాయి. భాగహారం ఒక్కచోటే జరగాలి.

ఏ ప్రమాణం ఎంచుకున్నా నివేదిక అంతా అదే ఉండాలి. కంపెనీల చట్టం, 2013లోని మూడో షెడ్యూల్ ఆర్థిక నివేదికల విషయంలో ఇదే నియమం పెట్టింది: ఒకసారి వాడిన ప్రమాణాన్నే చివరిదాకా వాడాలి. ఒక పేజీలో లక్షలు, మరో పేజీలో కోట్లు రాస్తే రెండు పేజీలనూ కలిపి చదివేవారు తప్పుదారి పడతారు. విదేశాల్లోని పాఠకుల కోసం మిలియన్లలోకి మార్చాల్సివస్తే కోట్లను పదితో గుణించాలి, లక్షలను పదితో భాగించాలి. అక్షం శీర్షిక కూడా ఆ వెంటనే మారాలి.

ఒక్క ప్రమాణంతో అన్నీ సరిపోవు కూడా. అదే గ్రాఫ్‌లోకి 6,10,577 జనాభా గల సిక్కింను చేరిస్తే, కోట్లలో అది 0.06. పట్టీ గీతలా కూడా కనిపించదు, దశాంశాలు లేని లేబుల్ అయితే ‘0’ అంటుంది. జనం ఉన్న రాష్ట్రానికి సున్నా రాయడం అబద్ధమే. అలాంటి చోట అక్షాన్ని కోట్లలోనే ఉంచి, ఆ ఒక్క పట్టీ పైన ‘6.1 లక్షలు’ అని ప్రమాణంతో సహా రాయవచ్చు. లేదా చిన్న రాష్ట్రాలన్నిటికీ లక్షల్లో వేరే గ్రాఫ్ గీయవచ్చు.