ఎక్స్‌రేలో అరిగిన మోకాలు – నొప్పి ఎక్కడిది?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో వయసు మళ్లినవారు మోకాలికి ఎక్స్‌రే తీయించుకుంటే రెండు మాటలు వింటుంటారు. ఒకటి "సందు తగ్గింది", రెండోది "ఎముక ముళ్లు పెరిగాయి". ఇవి వినగానే ఇక నడవలేమేమోనని దిగులు పడకండి. ముందు వీటి అర్థం తెలుసుకోండి.

ఎక్స్‌రేలో ఎముక తెల్లగా కనిపిస్తుంది. ఎముకల చివర ఉండే నున్నని మృదులాస్థి, మధ్యలోని మెనిస్కస్ అనే మెత్త కనిపించవు. వాటి చోట నల్లని సందు మాత్రమే ఉంటుంది. మంచి మోకాలిలో ఇది సుమారు 4 నుండి 5 మిల్లీమీటర్లు. మృదులాస్థి అరిగినా, మెనిస్కస్ పక్కకు జరిగినా సందు తగ్గుతుంది. ఎక్స్‌రేను నిలబడి తీయించుకోవాలి. పడుకుంటే మోకాలిపై బరువు పడదు కాబట్టి, తగ్గిన సందు కూడా బాగున్నట్లు కనిపించవచ్చు.

ముళ్లు అన్నామని అవి లోపల గుచ్చుకుంటాయని అనుకోవద్దు. కీలుపై భారం మారినప్పుడు దాని అంచున శరీరమే కొత్త ఎముకను పెంచుతుంది. దీన్ని కరిగించే మందు లేదు.

మరి నొప్పి ఎక్కడిది? మృదులాస్థిలో నొప్పి తెలిపే నరాలు లేవు. కీలు లోపలి పొర వాచినప్పుడు, మృదులాస్థి కింది ఎముక దెబ్బతిన్నప్పుడు నొప్పి పుడుతుంది. తొడ కండరం బలహీనపడితే అది ఇంకా ఎక్కువవుతుంది. ఇవేవీ ఎక్స్‌రేలో సరిగా కనిపించవు. అందుకే ఎక్స్‌రేలో బాగా అరిగినా నొప్పి లేనివారున్నారు, కొద్దిగా అరిగినా బాధపడేవారున్నారు.

ఉదాహరణకు, ధర్మవరంలో గుంట మగ్గంపై చీరలు నేసే 58 ఏళ్ల ఆమె ఉన్నారనుకుందాం. రెండు మోకాళ్లలోనూ లోపలి వైపు సందు 2 మిల్లీమీటర్లే, రెండింటికీ ముళ్లున్నాయి. కానీ నొప్పి కుడికాలికే. చేత్తో చూస్తే కుడి మోకాలు కొద్దిగా వాచి ఉంది, కుడి తొడ ఎడమదాని కంటే సన్నబడింది. వైద్యం చేయవలసింది ఆ వాపుకు, ఆ తొడకు. వాపుకు డాక్టరు గారు చెప్పిన మందు వాడాలి. కుర్చీలో కూర్చుని కాలు చాచి, 5 సెకన్లు నిలిపి, మెల్లగా దించాలి. ఇలా 10 సార్లు, రోజుకు రెండు పూటలా చేయాలి. మరునాటికి నొప్పి పెరిగితే లెక్క తగ్గించాలి, మానకూడదు. గుంటలోంచి లేచేటప్పుడు చేతుల ఊతం తీసుకోవాలి. నొప్పి తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గాక మళ్లీ ఎక్స్‌రే తీస్తే సందు, ముళ్లు అలాగే ఉంటాయి!

ఆపరేషన్ కూడా ఎక్స్‌రే ఒక్కటే చూసి నిర్ణయించేది కాదు. మందులు, వ్యాయామం చేసినా నడక, నిద్ర కష్టమైనప్పుడు దాని గురించి ఆలోచిస్తారు.

మోకాలు ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినా, పడిన తర్వాత కాలు మోపలేకపోయినా, మోకాలు ఒక్కసారిగా బిగుసుకుపోయి కదలకపోయినా ఆ రోజే ఆస్పత్రికి రండి. పాత ఎక్స్‌రే ఉంటే వెంట తెచ్చుకోండి.