‘చూద్దాం’ అనకుండా చెప్పాలి

మందుల కంపెనీ ల్యాబులో పనిచేసే ఒక టెక్నీషియన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఏడాది కాంట్రాక్టు ఒకసారి పొడిగించారు, మార్చి 31తో గడువు తీరిపోతుంది. ఇక పొడిగించేది లేదని జనవరిలోనే పైవాళ్లు తేల్చేశారు. ఫిబ్రవరిలో ఆ అబ్బాయి వచ్చి “సార్, నా రెన్యూవల్ సంగతి ఏమైంది?” అని అడుగుతాడు. మేనేజరు తల గోక్కుని “చూద్దాం, పైనుంచి ఇంకా ఏమీ రాలేదు” అంటాడు.

చెడు కబురు మోయడం ఇష్టంలేక అన్న మాటే అయినా, అవతలి మనిషికి అది సగం హామీలా వినబడుతుంది. చేతికొచ్చిన ఇంటర్వ్యూ వదులుకుంటాడు, బండికి లోను పెడతాడు. మార్చి చివరి వారంలో అసలు సంగతి తెలిసేసరికి వేరే చోట ఖాళీలు నిండిపోయి ఉంటాయి. ఇంకా అన్యాయం, ఏప్రిల్ 1న గేటు దగ్గర వేలిముద్ర పడకపోతే తెలుసుకోవడం.

కంపెనీలు ఇంత ఆలస్యం చేయడానికి ఒక కారణం చట్టంలోనే ఉంది. గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగం ఆ గడువు తీరి ముగిస్తే దాన్ని రిట్రెంచ్‌మెంటుగా లెక్కించరు. పారిశ్రామిక వివాదాల చట్టంలో 1984లో చేర్చిన ఈ మినహాయింపు కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంది. అందువల్ల ఒప్పందంలో రాసుకుంటే తప్ప, రిట్రెంచ్‌మెంటుకు ఇవ్వాల్సిన నెల రోజుల నోటీసు ఇక్కడ తప్పనిసరి కాదు. ఏళ్లతరబడి సాగే పనికి చిన్న చిన్న కాంట్రాక్టులు తిప్పుతూ పోతే కోర్టులో చిక్కులు రావచ్చు, అది వేరే కథ. నోటీసు అక్కర్లేదు కదా అని ఊరుకోకుండా, నిర్ణయమైన వారంలోనే చెప్పేయడం మర్యాద. రెండు నెలలు చేతిలో ఉంటే మనిషి మరో పని వెతుక్కోగలడు.

చెప్పాల్సింది రోజూ పని చేయించుకున్న మేనేజరే. హెచ్ఆర్ నుంచి మెయిల్ తర్వాత రావచ్చు. ఏజెన్సీ ద్వారా వచ్చిన మనిషైతే ఉత్తరం ఏజెన్సీ ఇస్తుంది, అయినా మాట ఇక్కడివాళ్ల నోటివెంటే రావాలి. అందరికీ కనబడే అద్దాల గదిలో కాకుండా, తలుపు వేసుకోగల చోట, వారం మధ్యలో ఒక ఉదయం కూర్చోబెట్టాలి. శుక్రవారం సాయంత్రం చెబితే, సందేహం వచ్చినా అడగడానికి రెండు రోజులు ఎవరూ దొరకరు.

కుశలప్రశ్నలతో పావుగంట గడపకూడదు. “కూర్చోండి. మీకు కష్టం కలిగించే విషయం చెప్పాలి. మార్చి 31తో ముగిసే మీ కాంట్రాక్టును పొడిగించడం లేదు. ఇది తుది నిర్ణయం” అని మొదటి నిమిషంలోనే అనేయాలి. తర్వాత ఆగాలి. ఆ మౌనం భరించలేకే చాలామంది “మళ్లీ అవకాశం వస్తే పిలుస్తాంలెండి” అంటూ లేని ఆశ పుట్టిస్తారు. రోజూ “నువ్వు” అని పిలిచే చనువున్నా ఆ పూట “మీరు” అంటే నష్టం లేదని నా అభిప్రాయం.

“ఎందుకు సార్?” అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. కారణం నిజమైనదే చెప్పాలి. ఆ పరీక్షల విభాగం మూసేస్తుంటే ఆ మాటే చెప్పండి. పనిలో లోపమే కారణమైతే, బడ్జెట్ లేదని చెప్పి ఏప్రిల్‌లో అదే కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడితే అబద్ధం వారంలో బయటపడుతుంది. లోపాన్ని ఒకటి రెండు ఉదాహరణలతో క్లుప్తంగా చెప్పి ఆపాలి, రెండేళ్ల తప్పుల చిట్టా విప్పకూడదు. “నా చేతిలో ఏమీ లేదు, నాకూ బాధగానే ఉంది” అని మేనేజరు తన గోడు మొదలుపెడితే, ఓదార్చే పని కూడా వెళ్లిపోయేవాడి మీదే పడుతుంది.

అదే రోజు ఒక పేజీ ఉత్తరం చేతికివ్వాలి, ఎందుకంటే ఆ గదిలో విన్నది సగం గుర్తుండదు. చివరి పనిదినం, ఆఖరి జీతం పడే తేదీ, మిగిలిన సెలవుల డబ్బు అందులో ఉండాలి. గ్రాట్యుటీ సంగతి కూడా రాయాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కోడ్‌ల ప్రకారం, గడువు ఉద్యోగులకు ఐదేళ్లు నిండక్కర్లేదు, ఏడాది పనిచేస్తే అర్హత వస్తుంది. మూల వేతనం, కరువు భత్యం కలిపి నెలకు 15,600 అయితే దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తారు, ఏడాదికి 9,000 రూపాయలు వస్తాయి. అనుభవ పత్రంలో “తొలగించాం” అని కాక “కాంట్రాక్టు కాలం ముగిసింది” అని రాయాలి, నిజమూ అదే.

పీఎఫ్ ఖాతాలో ఉద్యోగం వదిలిన తేదీ నమోదు చేయడం చాలా కంపెనీలు మరిచిపోతాయి. అది పడకపోతే పాత సొమ్ము కొత్త ఖాతాకు మార్చుకోవడం ఆగిపోతుంది. ఉద్యోగి తనంతట తాను ఆ తేదీ వేసుకోవాలంటే ఆఖరి చందా పడిన తర్వాత రెండు నెలలు ఆగాలి. కాబట్టి ఆ పని ఎవరు, ఏ తేదీలోగా చేస్తారో ఉత్తరంలో పేరుతో సహా రాసి, ఆ మనిషి ఫోన్ నంబరు కూడా ఇవ్వాలి.