ఎండకు హెచ్చరిస్తుంది, ఎత్తుకు నోరు మెదపదు

కేదార్‌నాథ్ గుడి ఉన్నది 3,583 మీటర్ల ఎత్తున. పలు గ్లూకోమీటర్ల కరపత్రాల్లో రాసి ఉండే ఎత్తు పరిమితి సుమారు 3,000 మీటర్లు. యాత్రకు వెళ్లే షుగరు రోగుల్లో ఆ కాగితం చదివేవాళ్లు ఎంతమంది?

వేడి, చలి సంగతి కొంత నయం. చాలా మీటర్లు 10 నుంచి 40 డిగ్రీల మధ్య పనిచేస్తాయి. మీటరు లోపల ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్ ఉంటుంది కాబట్టి, హద్దు దాటితే తెర మీద గుర్తు చూపి ఆగిపోతుంది. అయితే అది కొలిచేది మీటరు వేడిని, స్ట్రిప్ వేడిని కాదు. అందుకే ఎండలో నిలిపిన కారులోంచి తీసిన మీటరును, స్ట్రిప్పులను నీడలో ఓ అరగంట ఉంచాలి. స్ట్రిప్పులను 30 డిగ్రీలలోపు దాచమంటారు. మన మే నెలలో మూసిన కారు ఆ లెక్కను ఎప్పుడో దాటేస్తుంది. అలా వేడెక్కిన స్ట్రిప్పుల మీద అనుమానం వస్తే కంట్రోల్ ద్రావణంతో పరీక్షించి చూడాలి.

ఎత్తు సంగతి అలా కాదు. గాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్ మామూలు మీటర్లలో ఉండదు, కాబట్టి హెచ్చరికా ఉండదు. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైముతో పనిచేసే స్ట్రిప్పులో, చక్కెర నుంచి వచ్చే ఎలక్ట్రాన్ల కోసం రక్తంలోని ఆక్సిజన్ కూడా పోటీ పడుతుంది. కేదార్‌నాథ్‌లో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 65 శాతమే. ఆక్సిజన్ తగ్గితే పోటీ తగ్గుతుంది, ఎలక్ట్రాన్లు ఎక్కువ చేరతాయి, అంకె అసలు కంటే పెద్దదిగా కనిపించవచ్చు. డీహైడ్రోజినేజ్ ఎంజైము వాడే స్ట్రిప్పులకు ఈ బెడద ఉండదు. వాటి ఎత్తు పరిమితి మాత్రం మోడల్‌ను బట్టి మారుతుంది.

ఒక లెక్క చూద్దాం. ఇన్సులిన్ వాడే మనిషి గౌరీకుండ్ నుంచి సుమారు 16 కిలోమీటర్లు ఎక్కి, గుడి దగ్గర చేతులు వణుకుతుంటే పరీక్షించుకున్నాడు. మీటరు 92 చూపింది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 లోపు అంకెకు 15 అటూ ఇటూ తేడా మామూలే. ఎత్తు వల్ల మరో పది శాతం ఎక్కువ చూపిందనుకుంటే అసలు విలువ సుమారు 84. అందులోంచి 15 తీసేస్తే 69. షుగరు పడిపోయినట్టు లెక్కించే గీత 70. తెర మీద 92, ఒంట్లో 69 కావచ్చు!

కొండ మీద చలికి వేళ్లు బిగుసుకుపోతే రక్తం కూడా సరిగా రాదు. వేలిని నలిపి పిండకుండా చేతులు రుద్ది, వెచ్చబరిచి గుచ్చుకోవాలి.

బయలుదేరే ముందు కరపత్రంలో ఎంజైము పేరు, ఎత్తు పరిమితి చూసుకోండి. కొండ మీద వణుకు, చెమట, అయోమయం కనిపిస్తే మీటరు ఎంత చూపినా ముందు 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకోండి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోండి.