మూఢంలో వాయిదా ఎక్కణ్ణుంచి తేవాలి?

“ఒక్క పేరే తక్కువైందిరా, నువ్వు వేసెయ్” అని స్నేహితుడు చీటీకి పిలిస్తే కాదనడం కష్టమే. వద్దంటే తనమీద నమ్మకం లేదనుకుంటాడేమోనని మొహమాటం.

పెళ్లి ఫొటోలు తీసే కుర్రాడొకడు ఉన్నాడనుకుందాం. ఖర్చులు పోగా ఏడాదికి 3,60,000 మిగులుతాయి. అంటే నెలకు సగటున 30,000. స్నేహితుడిది లక్ష చీటీ: 20 మంది, 20 నెలలు, నెలకు 5,000. కాగితం మీద చూస్తే కట్టలేనిదేమీ కాదు. అయితే ఈ కుర్రాడి సంపాదన పంచాంగాన్ని బట్టి వస్తుంది. మాఘం, వైశాఖం, శ్రావణాల్లో తిండికీ తీరిక ఉండదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో ముహూర్తాలే ఉండవు. మధ్యలో మూఢం వస్తే ఇంకొన్ని వారాలు ఖాళీ. పని చేసినా, ఆల్బమ్ చేతికొచ్చేదాకా బాకీ తీర్చని పెళ్లివారు సరేసరి.

చీటీకి ఈ తిప్పలు పట్టవు. మూడో నెల పాటలో ఒకరు 25,000 వదులుకుని 75,000 తీసుకున్నారనుకోండి. వదులుకున్న దాంట్లో నడిపేవాడి కమీషన్ 5,000 పోగా మిగిలిన 20,000 అందరికీ పంచితే తలా వెయ్యి వస్తుంది. అందుకని ఆ నెల ఒక్కొక్కరు 4,000 కడితే చాలు. ఇరవై మందీ కడితేనే 80,000 అవుతుంది. మనవాడు ఆగిపోతే ఆ 4,000 ఎవరు పెట్టాలి? పిలిచిన స్నేహితుడే.

ఇంతకంటే పెద్ద ముప్పు ఇంకొకటుంది. చేతిలో చిల్లిగవ్వ లేని ఆషాఢంలోనే చీటీ పాడాలనిపిస్తుంది. అవసరం ముంచుకొచ్చినవాడు ఎక్కువ వదులుకుంటాడు. పాడేసుకున్నాక మిగతా 17 నెలలూ తప్పించుకోలేని వాయిదాలే. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం కింద రిజిస్టరైన కంపెనీలు పాట సొమ్ము ఇచ్చేముందు జామీను అడుగుతాయి. వీధి చీటీల్లో చాలావాటికి రిజిస్ట్రేషనే ఉండదు, అక్కడ స్నేహమే జామీను.

కాబట్టి వద్దనేదేదో పేర్లు ఖాయం కాకముందే చెప్పాలి. “చూద్దాంలే” అంటే అవతలివాడు పేరు రాసేసుకుంటాడు. “ఆషాఢంలో నాకు రూపాయి రాదురా, ఆ నెల నువ్వు నా వాయిదా కట్టాల్సొస్తుంది. నన్ను లెక్కలో పెట్టుకోకు” అంటే అతని మనసూ నొచ్చుకోదు, మళ్లీ బతిమాలే సందూ ఉండదు. “పోనీ, ఇద్దరూ కలిసి సగం సగం వేయండి” అని బేరం రావచ్చు. అప్పుడూ ఇదే జవాబు. అర చీటీలో మనవాడు తప్పితే నడిపేవాడు పట్టుకునేది రెండోవాణ్ణి.

పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లోనూ నెల తప్పితే నూటికి రూపాయి చొప్పున జరిమానా పడుతుంది. కాకపోతే ఆ రూపాయి అతని జేబులోంచే పోతుంది.