కూలర్ మార్చాక డిస్‌ప్లే రావట్లేదా? ర్యామ్‌ని తిట్టే ముందు ఇది చూడండి

మొన్న నా పీసీకి కొత్త టవర్ కూలర్ బిగించాను. పవర్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి కానీ డిస్‌ప్లే రాలేదు. మదర్‌బోర్డు మీద DRAM లైట్ వెలిగి అలాగే ఉండిపోయింది. ర్యామ్ స్టిక్స్ మార్చి చూసినా అదే కథ.

అసలు విషయం ఏంటంటే, ర్యామ్‌ని నడిపే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది. నాది ఎల్‌జీఏ 1700 సాకెట్. అందులోని 1700 సన్నటి పిన్నులు స్ప్రింగుల్లా ప్రాసెసర్ అడుగుని తాకాలి. నేనేమో ఒక మూల స్క్రూ పూర్తిగా బిగించేసి, తర్వాత మిగతావి తిప్పాను. ప్రెషర్ ఒకవైపే పడితే కొన్ని పిన్నులకు కాంటాక్ట్ సరిగ్గా అందదు.

మరి పేస్ట్ తప్పు కాదా? పేస్ట్ సరిగ్గా లేకపోతే పీసీ మామూలుగా ఆన్ అయ్యి, వేడెక్కాక స్లో అవుతుంది లేదా ఆగిపోతుంది. మొదటి నుంచే డిస్‌ప్లే లేదంటే ముందు సాకెట్‌ని అనుమానించాలి.

పవర్ కేబుల్ పీకి, కూలర్, ప్రాసెసర్ తీసి, సాకెట్ మీద మొబైల్ టార్చ్ పక్క నుంచి వేశా. పిన్నుల వరుసలన్నీ ఒకేలా మెరిశాయి. ఎక్కడైనా మెరుపు తెగితే అక్కడ పిన్ను వంగినట్టే. దాన్ని సరిచేయబోతే విరిగే రిస్క్ ఉంది.

పాత పేస్ట్ తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టా. ఈసారి ఎదురెదురు మూలల స్క్రూలు రెండేసి చుట్ల చొప్పున తిప్పుతూ వచ్చా. DRAM లైట్ ఆరింది, డిస్‌ప్లే వచ్చేసింది!