‘చురుకైనవారు’ అంటే ఎన్ని మార్కులు?

ఓ ఎలక్ట్రానిక్స్ దుకాణం సర్వీస్ కౌంటర్‌కి మనిషి కావాలి. ప్రకటనలో ఇలా రాశారనుకుందాం: ‘కంప్యూటర్ బిల్లింగ్ తెలిసి, నిజాయితీగా, ఒత్తిడిలోనూ మర్యాదగా మాట్లాడే చురుకైన అభ్యర్థి కావాలి.’ ఈ వాక్యంతోనే ఇంటర్వ్యూకి కూర్చుంటే ముగ్గురు అధికారులు ముగ్గురు వేర్వేరు మనుషుల్ని వెతుకుతారు.

ముందు వాక్యాన్ని విడగొట్టాలి. బిల్లింగ్‌కి ప్రశ్న అక్కర్లేదు, ఒక బిల్లు కొట్టించి చూస్తే చాలు. నిజాయితీ అరగంట మాటల్లో తేలదు, అది పాత యజమానిని అడగాల్సిన విషయం. ‘చురుకు’కి ఏ పనీ ఆనవాలుగా దొరకకపోతే కొట్టేయడమే మేలు.

మిగిలింది మర్యాద. ‘కోపంగా వచ్చిన కస్టమర్‌తో ఎప్పుడైనా మాట్లాడారా? అప్పుడేం చేశారు?’ అని అందరినీ అదే మాటల్లో అడగాలి. తప్పంతా కస్టమర్‌దే అంటే 1. ఓపిగ్గా విని పై అధికారికి అప్పగించానంటే 3. విని, పరిష్కారం చెప్పి, తర్వాత ఫోన్ చేసి కనుక్కున్నానంటే 5. ఈ నమూనా జవాబులే చెక్‌లిస్ట్‌కి ప్రాణం. అవి లేని అంకె ఊహే.

1950ల్లో ఇజ్రాయెల్ సైన్యంలో డేనియల్ కానమన్ ఇలాంటి పద్ధతే పెట్టారు. ఆరు లక్షణాలు, ఒక్కోదానికి విడిగా మార్కులు. ఒకటి ముగించాకే రెండోది. తొలి చూపులో కలిగిన ఇష్టం మిగతా మార్కుల్లోకి పాకకుండా ఈ ఏర్పాటు.

చర్చకు ముందే ఎవరి మార్కులు వారు రాసుకోవాలి. ఒకే జవాబుకి ఒకరు 2, మరొకరు 5 వేస్తే, సాధారణంగా నమూనా జవాబులోనే అస్పష్టత ఉంటుంది. తర్వాతి నియామకానికి ముందు దాన్ని తిరగరాయాలి.