నాలుగు నిమిషాలకే ఆగే లైను

కొత్త స్విచ్ పెట్టారు, లైను మొదలైంది, నాలుగు నిమిషాలు దాటగానే పీఎల్‌సీకి సెన్సర్ల సమాచారం ఆగిపోయింది. ఈ లక్షణం కనిపిస్తే నేను ముందుగా అనుమానించేది కేబుల్‌ని కాదు, మల్టీకాస్ట్ వడపోతని.

ఈథర్‌నెట్/ఐపీ పరికరం 10 మిల్లీసెకన్లకోసారి మల్టీకాస్ట్ పంపితే సెకనుకు 100 ప్యాకెట్లు. అలాంటివి 20 ఉంటే 2,000. మామూలు స్విచ్ వాటిని అన్ని పోర్టులకూ పంచేస్తుంది. సంబంధం లేని చిన్న డ్రైవ్ కూడా ఆ వరదను మోయాలి. మేనేజ్డ్ స్విచ్‌లోని ఐజీఎంపీ స్నూపింగ్ ఎవరు అడిగారో విని, వాళ్ల పోర్టుకే పంపుతుంది. అయితే “ఇంకా కావాలా?” అని సాధారణంగా 125 సెకన్లకోసారి అడిగే క్వెరియర్ ఒకటి ఉండాలి. అది లేకపోతే దాదాపు 260 సెకన్లకు స్విచ్ తన జాబితాలో పేర్లు కొట్టేస్తుంది. అప్పుడు కొన్ని స్విచ్‌లు మళ్లీ అందరికీ పంచుతాయి, కొన్ని పూర్తిగా ఆపేస్తాయి.

తేల్చుకోవాలంటే పీఎల్‌సీ పోర్టును ఖాళీ పోర్టుకు మిర్రర్ చేసి, ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ తెరిచి `igmp` అని వడకట్టండి. ఐదు నిమిషాల్లో ఒక్క ప్రశ్నా రాకపోతే క్వెరియర్ లేనట్టే. ఒక స్విచ్‌లో దాన్ని ఆన్ చేయాలి. అలా కాక ఒకే ప్యాకెట్ వేలసార్లు తిరిగి వస్తుంటే జబ్బు వేరు: ఎవరో కేబుల్ రెండు చివర్లూ స్విచ్‌కే గుచ్చి ఉంటారు. లూప్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉంటే ఆ పోర్టు తనంతట తానే మూతపడుతుంది.